అసలు మాట 41వ పేజీలో

పోయిన ఎండాకాలం గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు ప్లాంటులో మా నలుగురికీ నాలుగు వారాల ట్రైనింగ్. కన్వేయర్ బెల్టు వెంబడి నడుస్తూ రోలర్ల వేడి కొలవడం పని. చివరికి 58 పేజీల రిపోర్ట్ తయారైంది. "రిపోర్ట్ జతచేశాం, దయచేసి చూడగలరు" అని ఒక్క లైను రాసి మెయిల్ పంపేసి హాయిగా పడుకున్నాం.

తొమ్మిది రోజులకు ఇంజినీర్ సార్ ఫోన్. "ఏం బాబూ, పుల్ కార్డ్ పనిచేస్తలేదని 41వ పేజీల రాసిండ్రు. ముందే చెప్పొద్దా?"

పుల్ కార్డ్ అంటే బెల్టు పక్కన పొడవునా ఉండే తాడు. ఎవరైనా బెల్టులో చిక్కుకుంటే దాన్ని లాగి ఆపాలి. ఒకచోట మేం లాగితే బెల్టు ఆగలేదు. అసలైతే మెయిల్ దాకా ఆగకుండా అప్పుడే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పాల్సిన సంగతి. చెప్పలేదు. తప్పు మాదే.

"మూడో పేజీలో సారాంశం ఉంది కదరా" అన్నాడు మావాడు. ఉంది, కానీ అటాచ్‌మెంట్ లోపల. డ్యూటీలో నిలబడి ఫోన్‌లో మెయిల్ చూసే మనిషికి కనబడేది సబ్జెక్టు, మొదటి రెండు మూడు లైన్లు. అంతే. అందుకే మళ్లీ రాశాం:

సబ్జెక్ట్: పుల్ కార్డ్‌తో బెల్టు ఆగట్లేదు, ఈరోజే చూడాలి

సార్, మూడు విషయాలు.
1. టెయిల్ ఎండ్ దగ్గర పుల్ కార్డ్ లాగితే బెల్టు ఆగలేదు (ఒక్కసారే పరీక్షించాం). ఎలక్ట్రీషియన్‌తో ఈరోజే మళ్లీ పరీక్ష చేయించండి.
2. కింది వైపు మూడు రోలర్లు తిరగట్లేదు, ఒకవైపే అరిగి మెరుస్తున్నాయి. ఈ వారంలో మార్పించండి.
3. వాటి కింద బొగ్గు పొడి పేరుకుంది. రాపిడి వేడికి రాజుకోవచ్చు. ముందు అది తీయించండి.
ఫొటోలు 38 నుంచి 44 పేజీల్లో. మిగతా రిపోర్ట్ తీరిక ఉన్నప్పుడు చూడొచ్చు.

ఈ వరుస మీద మాలో మాకు గొడవే అయింది. మూడు వారాలు ఎండలో తిరిగి గీసిన వేడి గ్రాఫులు పైన ఉండాలని ఒకడి పట్టు. నా లెక్కలో వరుసను నిర్ణయించేది మన కష్టం కాదు, ఏ పని ఆగలేదన్నది. మూడు కంటే ఎక్కువ రాస్తే మళ్లీ అందులోనే వెతుక్కోవాలి. "ఒక్కసారే పరీక్షించాం" అన్న మాట కూడా లోపల దాచకుండా పైనే ఉండాలి, లేకపోతే చదివేవాళ్లు మన అనుమానాన్ని రుజువు అనుకుంటారు.

నాన్న బాయిలో సర్దార్. మెయిల్ చూపిస్తే నవ్విండు. "షిఫ్ట్ మారేటప్పుడు మేం చెప్పేది గిదే కదరా. ఫలానా జాగల కప్పు బాగలేదు, ప్రాప్ పెట్టించు, అప్పటిదాకా మనుషులను పంపకు అంటం. పుస్తకంల రాసుడు తర్వాత."