విదేశీ సహాయం: వరమా, వ్యసనమా? ముందు వోచరు చూపించండి!

పోయిన ఆదివారం సంత్రాగాఛి స్టేషను దగ్గర టీ కొట్టులో ఇద్దరు తెలుగు మిత్రులు దాదాపు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. ఇద్దరూ రైల్వేలో చేసి రిటైరైన వాళ్ళే. అమెరికా 2025 జులై 1న తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేసింది కదా, దాని మీద వాదన. "మంచి పని జరిగింది. విదేశీ డబ్బు దేశాలకి వ్యసనం లాంటిది. చంద్రబాబు కాలంలో ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రాన్ని కొనేసింది" అంటాడు ఒకాయన. "చిన్నప్పుడు పి.ఎల్.480 గోధుమలు తినే కదయ్యా పెరిగాం! అప్పు తేకపోతే రోడ్లు ఎక్కణ్ణించి వస్తాయి?" అంటాడు రెండో ఆయన.

"మీరు లెక్కల మనిషి కదండీ, మీరే చెప్పండి" అని ఇద్దరూ నా మీద పడ్డారు.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ ఖాతాల్లో ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. నా సర్వీసులో నేర్చుకున్నది ఒక్కటే: వోచరు లేని ఖర్చు ఖర్చు కాదు. దేవుడున్నాడనే వాణ్ణి రుజువు అడుగుతాం. మరి "సహాయం వల్ల అభివృద్ధి" అనే వాణ్ణి గానీ, "సహాయం వల్ల సర్వనాశనం" అనే వాణ్ణి గానీ ఎందుకు అడగం? ఇవి కూడా నమ్మకాలే. కాస్త ఇంగ్లీషు చదువుకున్న వాళ్ళ నమ్మకాలు, అంతే తేడా.

అందుకని మన ఆంధ్రప్రదేశ్ కేసునే తీసుకుందాం. ఎందుకంటే ఇది మామూలు కేసు కాదు. 1998లో ప్రపంచ బ్యాంకు ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చింది. సహాయం అందరి దగ్గరా పని చెయ్యదు, మంచి విధానాలున్న చోట మాత్రమే పని చేస్తుంది, కాబట్టి సంస్కరణలు చేసే ప్రభుత్వాలని ఏరి, వాటికే ఇవ్వాలి అని. అదే ఏడాది మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగి మన దేశం మీద ఆంక్షలు పడ్డాయి. అయినా జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌కి సుమారు 54 కోట్ల డాలర్ల రుణం మంజూరైంది. బళ్ళు, వైద్యం, పిల్లల పోషణ, సాగునీరు, గ్రామీణ రోడ్లు, ప్రభుత్వ రంగ సంస్థల సంస్కరణ, అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఆ సిద్ధాంతానికి మన రాష్ట్రమే ప్రయోగశాల.

మొదట డబ్బు దారి చూద్దాం. ఆ రుణంలో సగానికి పైగా బ్యాంకు మామూలు వడ్డీకిచ్చిన అప్పు. దాన్ని సహాయం అనడమే తప్పు. మిగిలింది ఐ.డి.ఎ. అనే చౌక రుణం. దానికి వడ్డీ లేదు, ఏడాదికి ముప్పాతిక శాతం సర్వీసు చార్జీ మాత్రమే. తీర్చడానికి 35 ఏళ్ళు. బాగానే ఉంది కదా? కానీ ఈ డబ్బు నేరుగా హైదరాబాదు రాలేదు. ఢిల్లీ మీదుగా వచ్చింది. అప్పట్లో పద్ధతి ఏమిటంటే, బయటి నుంచి ఏ షరతుల మీద వచ్చినా సరే, కేంద్రం దాన్ని మామూలు రాష్ట్రాలకి 30 శాతం గ్రాంటుగా, 70 శాతం తన సొంత వడ్డీ రేటుకి అప్పుగా ఇచ్చేది.

వంద రూపాయలతో లెక్క వేసి చూడండి. కేంద్రం బయటికి కట్టేది ఏడాదికి 75 పైసలు. రాష్ట్రానికి 30 రూపాయలు ఉచితం, 70 రూపాయలు అప్పు. ఆ రోజుల్లో కేంద్రం రేటు 12 శాతం చుట్టుపక్కల ఉండేది. అంటే రాష్ట్రం మొదట్లో ఏడాదికి 8 రూపాయల 40 పైసలు వడ్డీ కట్టాలి! న్యాయంగా చెప్పాలంటే, డాలరు ధర పెరిగితే ఆ నష్టం కేంద్రానిదే. ఆ 30 రూపాయలు తిరిగి ఇవ్వక్కర్లేదు కూడా. అయినా "చౌక రుణం" అని పేపర్లలో పడ్డది రాష్ట్రం పుస్తకాల్లో ఎంత చౌకగా ఉందో మీరే తేల్చుకోండి. పన్నెండో ఆర్థిక సంఘం చెబితే గానీ, 2005 ఏప్రిల్ నుంచి గానీ, ఏ షరతుల మీద వచ్చిందో ఆ షరతుల మీదే రాష్ట్రానికివ్వడం మొదలు కాలేదు. మరి 1998లో ప్రపంచ బ్యాంకుని తిట్టిన వాళ్ళలోనూ, పొగిడిన వాళ్ళలోనూ ఈ 70:30 సంగతి ఎత్తిన వాళ్ళు ఎంతమంది?

ఇక రెండో ప్రశ్న. బడి కోసం వచ్చిన డబ్బు బడికే వెళ్ళిందా? "బడి కట్టారు, ఫొటో ఉంది" అంటే ఆడిటరు ఒప్పుకోడు. ఆ డబ్బు రాకపోయినా ప్రభుత్వం ఆ బడి కట్టేదేమో! అప్పుడు సహాయం నిజంగా కొన్నది బడిని కాదు, ప్రభుత్వం దగ్గర మిగిలిపోయిన సొంత డబ్బుతో ఏం చేశారో దాన్ని. మేనమామ ఫీజు కట్టాడని తండ్రి ఫీజు డబ్బు పేకాటలో పెడితే, మేనమామ కట్టింది ఫీజా, పేకాటా?

దీన్ని భారతదేశం లెక్కల మీదే పరిశీలించారు. వినయ స్వరూప్, శిఖా ఝా, ఆండ్రూ సునీల్ రాజ్‌కుమార్ అనే ముగ్గురి పరిశోధన 2000లో అచ్చయింది. వాళ్ళు తేల్చింది రెండు ముక్కల్లో ఇది: విదేశీ సహాయం, ప్రభుత్వాలు ఎలాగూ పెట్టబోయే ఖర్చు స్థానంలోకి వచ్చింది, మిగిలిన డబ్బు ఎక్కువగా అభివృద్ధియేతర ఖర్చులకి, పరిపాలన ఖర్చులకి పోయింది. రాష్ట్రానికి విదేశీ సహాయం వస్తే కేంద్రం తన ఇతర బదిలీల్లో కోత పెట్టింది. ఇది మొత్తం ఖాతాల సరళి. ఫలానా ఊళ్ళో ఫలానా బడి దండగ అని దీనర్థం కాదు. కానీ ఫొటో చూపించి "చూశారా, సహాయం పని చేసింది" అనే వాళ్ళ నోరు మూయించడానికి ఇది చాలు.

మూడోది అసలైనది. సహాయంతో పాటు వచ్చే షరతులు. విద్యుత్ సంస్కరణల కోసం 1999 ఫిబ్రవరిలో బ్యాంకు ఇంకో 21 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. విద్యుత్ బోర్డుని విడగొట్టి జెన్‌కో, ట్రాన్స్‌కో చేశారు. నియంత్రణ మండలి పెట్టారు. చార్జీలు పెంచి నష్టాలు తగ్గించాలన్నారు. 2000లో చార్జీలు పెరిగాయి. ఊరూరా ఆందోళన లేచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. 2004 మేలో కొత్త ప్రభుత్వం రావడంతోనే వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చింది. "సంస్కరణల ఆదర్శ రాష్ట్రం" ఆరేళ్ళలో మొదటికొచ్చింది.

ఇందులో నష్టాలు లేవని నేననను. బోర్డు నిజంగానే మునిగిపోతోంది. ఎవరో ఒకరు బిల్లు కట్టాల్సిందే. కానీ ఆ మాట శాసనసభలో, రైతు ముందు, లెక్క విప్పి చెప్పి ఒప్పించాల్సిన ప్రభుత్వం, ముందు అప్పిచ్చిన వాడి దగ్గర మాటిచ్చి వచ్చింది. దాంతో ప్రతిపక్షానికి పని సులువైపోయింది. చార్జీ సబబా కాదా అన్న చర్చే పోయింది, వాషింగ్టన్ పెంచమంది అన్న మాటే మిగిలింది. డబ్బు పరంగా ఆంధ్రప్రదేశ్ విదేశీ సహాయానికి బానిస కాలేదు. ఆ రుణాలు అయిపోయాక రాష్ట్రం ఆగిపోలేదు కదా! చెడింది జవాబుదారీతనం. ప్రభుత్వం ఓటరుకి కాక వేరొకరికి లెక్క చెప్పడం మరిగింది. పరిపాలన బలహీనపడ్డం అంటే ఇదే.

విచిత్రం ఏమిటంటే, ఆ సంస్కరణల్లో నిలిచింది కూడా జనానికి లెక్క చెప్పేదే. నియంత్రణ మండలి బహిరంగ విచారణలు నిలిచాయి. మామూలు మనిషి కూడా కంపెనీ ఖర్చుల మీద అభ్యంతరం రాసి, వెళ్ళి అడిగే హక్కు అక్కడ వచ్చింది. కొనుక్కున్న విధానం పోయింది, జనం చేతికొచ్చిన పద్ధతి ఉండిపోయింది.

మరి ఆ ఘనమైన సిద్ధాంతం సంగతేమిటి? దాని వెనక ఉన్నది బర్న్‌సైడ్, డాలర్ అనే ఇద్దరి లెక్క. 56 దేశాల అంకెలు, 1993 దాకా. తర్వాత ఈస్టర్లీ, లెవిన్, రూడ్‌మన్ అదే పద్ధతిలో, 1997 దాకా అంకెలు చేర్చి చూస్తే ఆ ఫలితం కనపడలేదు. 2004లో ప్రకటించారు. నాలుగేళ్ళ అంకెలు కలిపితే కరిగిపోయే సత్యం మీద రాష్ట్రాలని నడిపారు! అలాగని "సహాయం హానికరం" అని రుజువైందా? కాలేదు. ఒక మాట రుజువు కాకపోవడం వేరు, దాని వ్యతిరేకం రుజువవడం వేరు. మన మొదటి మిత్రుడు ఇక్కడే బోర్లా పడతాడు.

ఆయన కోసం దూరం వెళ్ళక్కర్లేదు, మా హౌరా జిల్లా చాలు. దేశంలో చిట్టచివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో ఇక్కడే బయటపడింది. 2009లో దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒకే ఒక్కటి. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించారు. ఇందులో విదేశీ డబ్బు ఉంది, విదేశీ పరిజ్ఞానం ఉంది. కానీ చుక్కల మందు ఖర్చులో పెద్ద భాగం మన ఖజానాదే, చుక్కలు వేసింది మన కార్యకర్తలే. బయటి వాళ్ళు గట్టిగా నిలబెట్టింది నిఘాని. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి మొదలుపెట్టిన ఆ పద్ధతిలో, పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో ఎవరికి కాలో చెయ్యో హఠాత్తుగా చచ్చుబడినా కబురు రావాలి, రెండు వారాల్లోపు రెండుసార్లు మలం నమూనా తీసి ప్రయోగశాలకి పంపాలి.

ఇందులో నాకు నచ్చిన ఆడిట్ ఒకటుంది. పోలియో లేకపోయినా వేరే కారణాలతో లక్ష మంది పిల్లల్లో ఏటా కనీసం ఒకరికి ఇలా చచ్చుబడుతుంది. కాబట్టి ఒక జిల్లా "మా దగ్గర అసలు కేసులే లేవు" అని రాస్తే, జబ్బు లేదని కాదు, వెతకడం లేదని అర్థం! సున్నా చూపించి తప్పించుకునే వీల్లేదు. మన సంక్షేమ పథకాల్లో ఇలాంటి తనిఖీ ఎన్నింటికుందో చెప్పండి.

ఆధారపడటాన్ని కూడా ఇలాగే పరీక్షించాలి. సహాయం ఆగిన రోజున ఏమి ఆగిపోతుందో చూడాలి. 2025లో అమెరికా చెయ్యి తీసెయ్యగానే ఆఫ్రికాలో కొన్నిచోట్ల ఎయిడ్స్ క్లినిక్కులు మూతపడ్డాయి. "చూశావా, వ్యసనం" అంటాడు మొదటి మిత్రుడు. మందు పని చెయ్యలేదనా? మందు పని చేసింది, ప్రాణాలు నిలిచాయి. దాని ఖర్చుని ఆయా దేశాలు తమ బడ్జెట్లోకి మార్చుకునే తేదీ చాలాచోట్ల గట్టిగా రాసుకోలేదు. తప్పు ఇవ్వడంలో లేదు, ఆ తేదీ లేకుండా ఇవ్వడంలో, తీసుకోవడంలో ఉంది.

టీ చల్లారిపోయింది. ఇద్దరికీ నేను చెప్పింది ఇదే. ఈసారి ఎవరైనా ఫలానా సహాయం గొప్పదనో, ఘోరమనో అంటే మూడు ప్రశ్నలు అడగండి. అది రాకపోతే ఆ పని జరిగేది కాదా? జరిగిందో లేదో తీసుకున్న వాడు కాక వేరే వాడు ఎలా తేల్చాడు? లెక్క ఎవరికి చెప్పారు, అప్పిచ్చిన వాడికా, పన్ను కట్టిన వాడికా? మూడింటికీ కాగితం చూపిస్తే పాస్ చేద్దాం. చూపించలేకపోతే, పొగడ్త అయినా తిట్టయినా, ఆడిట్ అభ్యంతరం రాసి వెనక్కి పంపిద్దాం.

ఇద్దరికీ కోపం వచ్చింది. టీ డబ్బులు మాత్రం నా చేతే ఇప్పించారు.