అమీర్‌పేటలో పాస్‌పోర్ట్ పోగొట్టుకున్న విదేశీ విద్యార్థి: ముందు ఏ గుమ్మం ఎక్కాలి?

హైదరాబాద్: అమీర్‌పేట హాస్టళ్లలో, పంజాగుట్ట వెనక గల్లీల్లోని అద్దె గదుల్లో చదువుకోవడానికి వచ్చిన విదేశీ పిల్లలు కనిపిస్తుంటారు. వాళ్లలో ఒకరి పాస్‌పోర్ట్ పోతే పోయింది ఒక్క పుస్తకం కాదు, దాంతోపాటు వీసా కూడా పోయినట్టే. పైగా వీసా గడువు మాత్రం ఆగదు, దాని తేదీ అది లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. అందుకే ఇలాంటి వేళ ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదే అసలు విషయం.

ఒక ఉదాహరణ చూద్దాం. యెమెన్ నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగాడు. రూముకి వెళ్లాక చూస్తే బ్యాగ్ జిప్ తెరిచి ఉంది, పాస్‌పోర్ట్ లేదు. ఎవరో తెలిసినవాళ్లు "అమీర్‌పేట పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లు" అన్నారు. ఇక్కడే చాలామంది ఒకరోజు పోగొట్టుకుంటారు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఇచ్చేది భారత పౌరుల పాస్‌పోర్టులే. అమీర్‌పేట కేంద్రం కూడా 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది. విదేశీయుడికి అక్కడ పని లేదు.

మొదటి గుమ్మం పోలీస్ స్టేషన్. ఎక్కడ పోయిందో తేలకపోతే "ఇది మా పరిధి కాదు" అనే మాట వినాల్సి రావచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ నమోదైతే దాని కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి. దొంగతనమైతే దొంగతనమనే, జారిపోతే జారిపోయిందనే రాయించాలి. పేరు స్పెల్లింగ్, పాస్‌పోర్ట్ నంబర్, వీసా నంబర్ పాత కాగితాల్లో ఉన్నట్టే ఉన్నాయా అని స్టేషన్‌లోనే సరిచూసుకోవాలి. ఒక్క అంకె తప్పినా ఆ తప్పు ప్రతి ఆఫీసులోనూ అడ్డం తిరుగుతుంది.

రెండో గుమ్మం తన దేశపు రాయబార కార్యాలయం. యెమెన్ వాళ్లకైతే అది ఢిల్లీలో ఉంది. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. చదువు కొనసాగించాలంటే పూర్తి పాస్‌పోర్టే అడగాలి. తొందరలో అత్యవసర ప్రయాణ పత్రం తీసుకుంటే అది సాధారణంగా సొంతదేశానికి ఒక్కసారి వెళ్లడానికే పనికొస్తుంది, తిరిగి రావాలంటే మళ్లీ కొత్త వీసా కావాలి. ఇంకో సంగతి, పోయిందని రాయబార కార్యాలయానికి చెప్పాక ఆ పాత పాస్‌పోర్ట్ రద్దవుతుంది. తర్వాత దొరికినా దానితో ప్రయాణం చేయకూడదు, విమానాశ్రయంలో ఆపేస్తారు.

మూడో గుమ్మం ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు. కొత్త పాస్‌పోర్ట్ చేతికి రాగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అందులో భారత వీసా ఉండదు కదా! indianfrro.gov.in లో లాగిన్ అయ్యి, పాత వీసాను కొత్త పాస్‌పోర్టుకు మార్చమని దరఖాస్తు చేయాలి. పోలీసు రిపోర్టు, పాత పాస్‌పోర్ట్, వీసాల కాపీలు, కాలేజీ ఇచ్చే బోనఫైడ్, ఇంటి చిరునామా రుజువు జతచేయాలి. దేశం వదిలి వెళ్లిపోయేవారైతే అక్కడే ఎగ్జిట్ పర్మిట్ అడగాలి. అది లేకుండా టికెట్ కొంటే డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది. వీసా గడువు దగ్గరపడితే కొత్త పాస్‌పోర్ట్ కోసం చూస్తూ కూర్చోకుండా, రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసిన రసీదు చూపించి ఎఫ్ఆర్ఆర్ఓకి ముందే తెలియజేయాలి.

గది అద్దెకిచ్చిన ఇంటివారికీ ఇందులో పాత్ర ఉంది. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని అతని వివరాలు ఆన్‌లైన్‌లో నింపాలి. నింపి ఉంటే, పాస్‌పోర్ట్ పోయిన రోజున ఆ కుర్రాడి పాస్‌పోర్ట్ నంబర్, వీసా వివరాలు సర్కారు రికార్డులో దొరుకుతాయి. నింపకపోతే అతనికి చిరునామా రుజువు కష్టం, యజమానికి కేసు భయం.

జెద్దాలోనో, చికాగోలోనో ఉన్న మన పిల్లలకూ వరుస ఇదే: అక్కడి పోలీసులు, తర్వాత భారత కాన్సులేట్, ఆ తర్వాత ఆ దేశపు ఇమ్మిగ్రేషన్. భారత కాన్సులేట్ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కూడా ఇండియాకు ఒకవైపు ప్రయాణానికే. ఉద్యోగం నిలబెట్టుకోవాలంటే అక్కడా కొత్త పాస్‌పోర్టే అడగాలి. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, వీసా పేజీల ఫోటోలు ఇంట్లో అమ్మీ ఫోన్లోనూ ఉంటే, పోయిన గంటలోనే సరైన నంబర్లతో రిపోర్టు రాయించవచ్చు.