మీ మాటను దిద్దే చెయ్యి ఎవరిది?

నలభై ఫ్లాట్లున్న ఓ అపార్ట్‌మెంట్. మెట్ల పక్కన గోడకు వేలాడే నోటీసు బోర్డు తీసేసి, అందరూ ఫోన్లోనే చూసుకునేలా ఓ చిన్న ఏర్పాటు చేయించుకున్నారనుకుందాం. 302 వాళ్లు ‘వాషింగ్ మెషీన్ అమ్మబడును, ధర 6,000’ అని రాశారు. మర్నాడు వెయ్యి తగ్గించాలనిపిస్తే వాళ్లే ఆ అంకెను మార్చుకోవచ్చు. కానీ పక్కింటి 303 వాళ్లు సరదాకైనా ఆ 6,000ను 60 చేయకూడదు. మరి ఎవరైనా ఓ చెడ్డమాట రాస్తే? రాసినవాళ్లకు బుద్ధొచ్చేదాకా ఆగలేం కదా! సంఘం కార్యదర్శి చెయ్యి పడాల్సిందే. అందుకే ఎవరు రాసింది వాళ్లే దిద్దుకోవాలి, మోడరేటర్ మాత్రం ఎవరిదైనా దిద్దొచ్చు అన్న నియమం వచ్చింది.

వినడానికి ఇంతే. ఈ నియమాన్ని కంప్యూటరుకు నేర్పడంలోనే ఉంది తిరకాసంతా!

బోర్డులో పడే ప్రతి నోటీసుకూ కంప్యూటర్ ఓ నంబరు ఇస్తుంది. దాని పక్కనే రాసినవాళ్లెవరో కూడా గుర్తు పెట్టుకుంటుంది. 302 వాళ్ల నోటీసు నంబరు 412 అనుకుందాం. దాన్ని మారుస్తామని ఎవరైనా వస్తే కంప్యూటర్ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వచ్చిందెవరు? ఈ 412 ఎవరిది? ఇద్దరూ ఒకరేనా? ఒకరే అయితే సరేనంటుంది. కాకపోతే వచ్చిన వ్యక్తి మోడరేటరా అని చూస్తుంది. అదీ కాకపోతే తలుపు తియ్యదు.

ఈ ప్రశ్నలు ఎక్కడ వేస్తున్నారన్నది ముఖ్యం. కొందరు తయారీదార్లు 303 వాళ్ల ఫోన్లో ‘దిద్దు’ అన్న బటన్ కనపడకుండా చేసి, పని అయిపోయిందనుకుంటారు. అది గుమ్మానికి తాళం వేయకుండా కర్టెన్ కట్టడం లాంటిదే. బటన్ నొక్కితే ఫోన్ చేసే పని, ‘412ను ఇలా మార్చు’ అని దూరంగా ఉన్న సర్వర్‌కు ఓ కబురు పంపడమే. కాస్త తెలిసినవాళ్లు బటన్ లేకుండానే ఆ కబురు పంపగలరు. కాబట్టి ప్రశ్నలు వేయాల్సింది సర్వరే. అదీ కబురు వచ్చిన ప్రతిసారీ వేయాలి.

రెండో ప్రశ్న మరిస్తే...

పెద్ద సంస్థలు ఇలాంటి పొరపాట్లు చేయవనుకుంటే తప్పే. 2015 ఫిబ్రవరిలో తమిళనాడుకు చెందిన లక్ష్మణ్ ముత్తయ్య అనే యువకుడు ఫేస్‌బుక్‌లో ఓ లోపం కనిపెట్టాడు. అక్కడ ప్రతి ఫొటో ఆల్బమ్‌కూ ఓ నంబరుంటుంది. ‘ఈ నంబరు ఆల్బమ్‌ను తీసెయ్’ అని సర్వర్‌కు కబురు పంపితే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. కబురుతో పాటు, పంపేదెవరో చెప్పే టోకెన్ కూడా ఉండాలి. గేటు పాసు లాంటిదన్నమాట. మొదట ప్రయోగాల కోసం ఇచ్చే టోకెన్‌తో ప్రయత్నిస్తే సర్వర్ కుదరదంది. తర్వాత తన ఫోన్లోని ఫేస్‌బుక్ యాప్ వాడే టోకెన్‌ను జతచేసి, తనది కాని ఆల్బమ్ నంబరు రాసి పంపాడు. ఆల్బమ్ మాయం!

జరిగిందేమిటి? టోకెన్ అసలైనదే. వచ్చిందెవరో సర్వర్‌కు తెలుసు. ఆ యాప్‌కు ఆల్బమ్‌లు తీసేసే హక్కు ఉందనీ తెలుసు. కానీ ఈ ఆల్బమ్ ఎవరిదన్న ప్రశ్నే అది వేసుకోలేదు. లక్ష్మణ్ ఈ సంగతి ఫేస్‌బుక్‌కే చెప్పాడు. వాళ్లు రెండు గంటల్లోపే సరిచేసి, 12,500 డాలర్ల బహుమతి ఇచ్చారు. గేటు దగ్గర పాసు చూసి లోపలికి పంపిన కాపలాదారు, ఏ ఇంటి తాళం తీస్తున్నారో కూడా చూడాలన్నది ఇందులోని పాఠం.

ఇలాంటిదే మరో చిక్కుంది. రాసింది ఎవరన్న వివరాన్ని ఫోన్ పంపే కబురులోంచే తీసుకుంటే, 303 వాళ్లు కొత్త నోటీసు రాసి ‘రాసినది: 302’ అని పెట్టేయొచ్చు. అందుకే ఆ పేరును సర్వర్ తనంతట తానే, లాగిన్ అయిన వ్యక్తిని చూసి నింపుకోవాలి.

పెద్దరికానికీ ఓ జాడ

మోడరేటర్ సంగతి ఇంకాస్త సున్నితం. 302 వాళ్ల పేరు కింద ఉన్న వాక్యాన్ని కార్యదర్శి మార్చారనుకుందాం. చదివేవాళ్లకు ఇంకా 302 పేరే కనిపిస్తుంది. అంటే తాము రాయని మాటకు వాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అమెరికాలోని రెడిట్‌లో 2016 నవంబరులో జరిగిందిదే. తనను తిడుతూ కొందరు రాసిన వ్యాఖ్యల్లో సంస్థ సీఈవో స్టీవ్ హఫ్‌మన్ తన పేరు తీసేసి, ఆ బృందాన్ని నడిపే మోడరేటర్ల పేర్లు పెట్టాడు. దిద్దినట్టు గుర్తేమీ కనిపించలేదు. విషయం బయటికి పొక్కాక తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. విచిత్రమేమిటంటే రెడిట్‌లో మామూలు మోడరేటర్లకు ఇతరుల మాటల్ని తొలగించే అధికారమే తప్ప మార్చే అధికారం లేదు. సంస్థ లోపలివాళ్ల చేతిలో మాత్రం అసలు గిడ్డంగి తాళమే ఉంది!

తొలగించడానికీ, మార్చడానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. తొలగిస్తే మాట పోతుంది. మారిస్తే ఒకరి నోట మరొకరి మాట వస్తుంది. మన ఫోన్లలో ఉండే వాట్సాప్ కూడా ఈ తేడా పాటిస్తుంది. పంపిన సందేశాన్ని 15 నిమిషాల్లోపు పంపినవాళ్లే దిద్దుకోవచ్చు. దిద్దినట్టు పక్కన గుర్తు పడుతుంది. గ్రూపు అడ్మిన్ ఎవరి సందేశాన్నైనా అందరికీ కనపడకుండా తీసెయ్యగలరు. అలా తీసేసింది అడ్మిన్ అని అక్కడే కనిపిస్తుంది. అంతేగానీ అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేరు.

అయితే అపార్ట్‌మెంట్ బోర్డులాంటి చోట్ల దిద్దే అధికారం నిజంగానే అవసరపడుతుంది. ఎవరో తెలియక తమ బ్యాంకు ఖాతా నంబరు పెట్టేశారు. నోటీసు మొత్తం తీసేయనక్కర్లేదు, ఆ నంబరొక్కటి చెరిపితే చాలు. అలాంటప్పుడు రాసినవాళ్ల పేరును అలాగే ఉంచి, ‘దిద్దినవారు: కార్యదర్శి’ అని తేదీతో పాటు వేరుగా కనిపించాలి. పాత వాక్యాన్ని కూడా ఓ పక్కన దాచి ఉంచాలి. బ్యాంకు నంబరు లాంటిది ఉంటే ఆ పాత ప్రతి అందరికీ కనపడకూడదు, రాసినవాళ్లకూ, సంఘం బాధ్యులకూ కనిపిస్తే చాలు.

రెండు ఫోన్ల పరీక్ష

అపార్ట్‌మెంటుకో, బడికో ఇలాంటిది చేయించుకునేవాళ్లు డబ్బు కట్టే ముందే చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. పరీక్ష కోసమే రెండు ఉత్తుత్తి సభ్యుల పేర్లు పెట్టించుకోవాలి. మొదటి పేరుతో ఓ నోటీసు రాసి, దిద్దే పేజీ తెరవాలి. కంప్యూటర్లో అయితే పైన చిరునామాలో `edit/412` లాంటిది కనిపిస్తుంది. దాన్ని రాసుకుని, మరో కంప్యూటర్లో రెండో పేరుతో లాగిన్ అయి అదే చిరునామా కొట్టాలి. అనుమతి లేదని వస్తే ఒక మెట్టు దాటినట్టే. దిద్దే పెట్టె తెరుచుకుని, మార్పు నిలిచిపోతే మాత్రం తాళం లేదని అర్థం. ఫోన్ యాప్ అయితే చిరునామా కనపడదు కాబట్టి, బటన్ లేనంత మాత్రాన సరిపోయిందనుకోకూడదు. సర్వర్‌కు నేరుగా కబురు పంపి, అది కాదనడం చూపించమని తయారీదారునే అడగాలి.

ఆ తర్వాత కార్యదర్శి పేరుతో వెళ్లి మొదటి నోటీసులో ఓ మాట మార్చి, తిరిగి మొదటి పేరుతో చూడాలి. మార్చిందెవరో, ఎప్పుడో అక్కడ కనిపించకపోతే తయారీదారును ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘మేం రాసిన పాత వాక్యం ఎక్కడుంది?’