చిన్న పాత్రకూ ఒక పని ఉండాలి

అభ్యాసకులు రాసి పంపే కథల్లో ఒక లోపం తరచుగా కనబడుతుంది. ముఖ్యపాత్ర ఏడుస్తుంది, కోపపడుతుంది, ఆశపడుతుంది. పక్కనున్నవారు మాత్రం తలుపు తీయడానికి, ఉత్తరం అందించడానికి, "ఆ తరువాత ఏమైంది?" అని అడగడానికి వస్తారు. పని కాగానే వెళ్లిపోతారు. వారు మనుషుల్లా కాక, నాటకరంగం మీద వేసిన కుర్చీల్లా ఉంటారు. దీనికి కారణం వారికి మాటలు తక్కువ కావడం కాదు, సొంత కోరిక లేకపోవడం అని నా అభిప్రాయం.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' చూడండి. మనం సాధారణంగా చదివేది 1909లో వెలువడిన రెండవ కూర్పు. నాటకం మొదట్లో గిరీశం విజయనగరం విడిచి పోవాలి. పూటకూళ్లమ్మ సామాను కొనిపెట్టమని ఇచ్చిన 20 రూపాయలు అతడు ఖర్చుపెట్టేశాడు. ఆమె ఊరుకోదు. మరి గిరీశం కృష్ణరాయపురం అగ్రహారానికి చేరేదెట్లా? రచయిత కథ కోసం ఎవరో ఒకరిచేత అతన్ని పిలిపించి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. శిష్యుడు వెంకటేశం పరీక్ష తప్పాడు. తండ్రి అగ్నిహోత్రావధాన్లు కోపానికి భయపడుతున్నాడు. గురువు వెంట వస్తే తాను దెబ్బలు తప్పించుకోవచ్చు. గిరీశానికి ఊరు దాటడం కావాలి, వెంకటేశానికి వీపు కాపాడుకోవడం కావాలి. ఈ రెండు అవసరాలూ కలిసినచోట కథ కదిలింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పూటకూళ్లమ్మ పూర్వకథ అంతా మనకు తెలియనక్కరలేదు. ఆమెకు తన డబ్బు కావాలి. అది చాలు. ఆమె వస్తుందంటే గిరీశం ఎందుకు జంకుతాడో మనకు అర్థమవుతుంది.

ఇప్పుడు మన కథ ఒకటి తీసుకుందాం. రాజమ్మ అనే వృద్ధురాలు పింఛను కోసం మండల కార్యాలయానికి వచ్చింది. గుమ్మం దగ్గర ప్యూను సూరయ్య ఉన్నాడు.

"అయ్యగారు పనిలో ఉన్నారు. రేపు రామ్మా" అన్నాడు సూరయ్య. రాజమ్మ నిట్టూర్చి వెనుదిరిగింది.

ఇక్కడ సూరయ్య వట్టి అడ్డుగోడ. అతని స్థానంలో గోడకు ఒక బోర్డు వేలాడదీసినా కథకు లోటు లేదు. ఒక పాత్ర వట్టి పనిముట్టా కాదా అని తెలుసుకోవడానికి ఇదే మంచి పరీక్ష.

దీన్ని సరిచేయడానికి రెండు ప్రశ్నలు వేసుకోండి. రాజమ్మ రాకముందు సూరయ్య ఏ పనిమీద ఉన్నాడు? ఆమె రాకవల్ల ఆ పనికి మేలా, కీడా? సూరయ్య కూతురి పెళ్లికి భవిష్యనిధి నుంచి అప్పు కావాలనుకుందాం. దరఖాస్తు మీద అధికారి సంతకం కావాలి. ఆయన సాయంత్రం శెలవుమీద వెళ్లిపోతున్నారు. లోపలికి మరొకరిని పంపితే తన కాగితం వెనకబడుతుంది. ఇప్పుడు మళ్లీ రాయండి.

"అయ్యగారు పనిలో ఉన్నారు. రేపు రామ్మా" అంటూ సూరయ్య చేతిలోని కాగితాన్ని వెనక్కి దాచాడు.

రాజమ్మ అది చూసింది. "ముందు నీ కాగితమే పెట్టుకో నాయనా. నీ పని అయ్యాకే నన్ను పంపు. నేనిక్కడే కూర్చుంటాను" అంది.

సూరయ్య మాట ఒక్క అక్షరం కూడా మారలేదు. అయినా ఇప్పుడతడు దుర్మార్గుడు కాడు, గోడ కూడా కాడు. అంతకంటె ముఖ్యమైన లాభం రాజమ్మకు కలిగింది. మొదటి కథలో ఆమె దీనురాలు మాత్రమే. రెండవ కథలో ఎదుటివాని అవసరం కనిపెట్టి మాట్లాడగల మనిషి. సూరయ్యకు కోరిక ఇవ్వడంవల్ల ముఖ్యపాత్ర గుణం బయటపడింది.

అయితే దీనికి హద్దు ఉంది. కొందరు ఈ సలహా వినగానే సూరయ్య బాల్యం, అతని భార్య జబ్బు, పెళ్లివారి బేరాలు అన్నీ రెండు పేజీలు రాస్తారు. అప్పుడు రాజమ్మ బయటే కూర్చుండిపోతుంది, పాఠకుడు కూడా! ఉపపాత్ర కోరిక ముఖ్యపాత్ర దారికి తగిలేంతవరకే రాయాలి. రాజమ్మ ఎక్కివచ్చిన బస్సులో టికెట్టు ఇచ్చిన కండక్టరుకు ఏ కోరికా అక్కరలేదు. అతడు ఆమె దారిని మార్చలేదు కదా. మార్చినవానికి మాత్రం కారణం ఉండి తీరాలి.

మీరు ఇదివరకు రాసిన కథ ఒకటి తీయండి. ముఖ్యపాత్రకు సాయపడినవారిలోనో, అడ్డుపడినవారిలోనో ఒకరిని ఎన్నుకోండి. ఆ పూట అతనికి ఏమి కావాలో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యాన్ని కథలో చేర్చకుండా, ఆ సన్నివేశాన్ని మాత్రం తిరిగి రాయండి. సూరయ్య కాగితం దాచినట్లు, ఆ కోరిక అతని చేతల్లో కనబడితే మీ సవరణ ఫలించినట్లే.