మంజూరు చేసింది 1,71,000, కాలేజీకి పంపింది 1,32,400: మిగతా 38,600 ఏవి?

బ్రాంచ్ మేనేజర్ గారికి,

నేను మీ బ్రాంచిలో విద్యా రుణం తీసుకున్న బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థినిని. మా నాన్న సహ రుణగ్రహీత. శాంక్షన్ లెటర్, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, కాలేజీ ఫీజు పత్రం, నాన్న కట్టిన 9,000 రూపాయల రసీదు, లోన్ ఖాతా స్టేట్‌మెంట్ ఈ మెయిల్‌కు జత చేశాను. ఇవన్నీ మీ దగ్గర ముందే ఉన్నాయి. అయినా కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ "కాగితాలు తెచ్చావా అమ్మా" అని అడుగుతున్నారు కాబట్టి మళ్లీ పంపుతున్నాను.

మీరు సంతకం చేసి ఇచ్చిన శాంక్షన్ లెటర్‌లోని లెక్క ఇది. ట్యూషన్, హాస్టల్ కలిపి ఏడాదికి 1,80,000. నాలుగేళ్లకు 7,20,000. రుణం నాలుగు లక్షలు దాటింది కాబట్టి 5 శాతం మార్జిన్, అంటే 36,000 మేం పెట్టుకోవాలి. మిగతా 6,84,000 బ్యాంకు ఇస్తుంది. మార్జిన్ ఏ ఏడాది వాటా ఆ ఏడాదే కట్టాలని కూడా అందులోనే రాశారు. ఆ ప్రకారం మొదటి ఏడాది మా వాటా 9,000, మీ వాటా 1,71,000. ముందు మా వాటా కట్టిన రసీదు చూపిస్తేనే డబ్బు విడుదల చేస్తామన్నారు. నాన్న కట్టారు, రసీదు ఇచ్చారు. మీ వాళ్లు దాని మీద ముద్ర కూడా వేశారు.

కాలేజీకి చేరింది 1,32,400.

అడిగితే మొదట వచ్చిన జవాబు "సిస్టమ్ అలా తీసుకుంది". తర్వాతి జవాబు "రీజినల్ ఆఫీసుకు రాశాం". ఆ తర్వాత లోన్ల డెస్కులో కూర్చునే సార్ మా నాన్నతో, "ఎంతో కొంత వచ్చింది కదా, సంతోషించక ఇంకా ఏంటి" అన్నారు. నాన్న మిరప వేసే కౌలు రైతు. ఆఫీసుల్లో గొంతు పెంచడం ఆయనకు రాదు. తలూపి బయటికొచ్చారు. ఆయన ఊరుకున్నారు కదా అని నేనూ ఊరుకోలేను.

సిస్టమ్ ఎలా తీసుకుందో మీరు చెప్పకపోతే నేనే స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని తేల్చుకున్నాను. మీరు మార్జిన్‌ను ఏడాది వారీగా పట్టలేదు. నాలుగేళ్ల మార్జిన్ 36,000 మొత్తాన్నీ మొదటి విడతలోనే తగ్గించి 1,44,000 లెక్కగట్టారు. ఇక్కడ పోయింది 27,000. ఆ 1,44,000లో నుంచి "ప్రీమియం" పేరుతో 11,600 ఒక బీమా సంస్థకు వెళ్లింది. రెండూ కలిపితే సరిగ్గా 38,600. ఈ కూడికా తీసివేతా నాకు ఒక సాయంత్రం పని. మీ ఆఫీసులో ఇన్ని వారాలుగా ఎవరికీ తీరిక దొరకలేదంటే నమ్మమంటారా?

ఈ రెండు తప్పులూ ఒకటి కావు కాబట్టి విడివిడిగా చెబుతాను.

మార్జిన్ గురించి మీ డెస్కు చెప్పే సమర్థన నాకు తెలుసు: "లిమిట్ తగ్గలేదమ్మా, వచ్చే ఏడాది నుంచి పూర్తిగా 1,80,000 వస్తుంది, చివరికి అంతా సమానమే." కాగితం మీద సమానమే. 1,44,000కు మూడుసార్లు 1,80,000 కలిపితే 6,84,000 వస్తుంది. కానీ మాకు డబ్బు కావాల్సింది చివరికి కాదు, ఈ సెమిస్టర్‌కు. మార్జిన్‌ను ఏటా, విడుదలయ్యే మొత్తానికి తగ్గట్టు తీసుకోవాలని ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా విద్యా రుణ పథకంలోనే ఉంది. మీ శాంక్షన్ లెటర్‌లో ఉన్నదీ అదే. ఒకేసారి 36,000 పెట్టగలిగిన ఇల్లయితే నాలుగేళ్లకు పంచుకోమని ఆ షరతు ఎందుకు రాస్తారు?

ప్రీమియం సంగతి ఇంకా అన్యాయం. మార్జిన్ 27,000 ఎప్పటికైనా కాలేజీకి చేరుతుంది. ఈ 11,600 ఎప్పటికీ చేరదు, ఎందుకంటే అది నా లిమిట్‌లో నుంచే ఖర్చయిపోయింది. పైగా అది నా అప్పుగానే నమోదైంది. 10.5 శాతం సాధారణ వడ్డీ చొప్పున దాని మీద ఏడాదికి 1,218 రూపాయలు పడుతుంది. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఏడాది మారటోరియం ముగిసేసరికి 6,090 అవుతుంది. నేను అడగని పాలసీకి, నా చేతికి రాని డబ్బుకు, నేనే వడ్డీ కట్టాలి. శాంక్షన్ లెటర్‌లో బీమా "ఐచ్ఛికం" అని ఉంది. నేను గానీ నాన్న గానీ సంతకం చేసిన ప్రపోజల్ ఫారం ఉంటే చూపించండి. పాలసీ కాగితం కూడా ఇంతవరకు మాకు ఇవ్వలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఛార్జీల వరుసలో ఈ ప్రీమియం లేదు. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ సర్క్యులర్ ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి ఇచ్చిన కొత్త రిటైల్ రుణాల్లో, ఆ పత్రంలో చూపని ఛార్జీని రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. నా రుణం 2025లో ఇచ్చింది.

మీకు ఇది ఫైలులో ఒక తేడా. మా ఇంట్లో ఏమవుతోందో కూడా వినండి. కాలేజీ ఆఫీసు నా పేరు బకాయిల జాబితాలో పెట్టింది. రోజుకు 50 రూపాయల జరిమానా పడుతోంది. బకాయి తీరితే గానీ హాల్ టికెట్ ఇవ్వమన్నారు. "బ్యాంకు పంపుతుంది మేడం" అని చెబితే, "మీ బ్యాంకు పంపాల్సింది పంపేశామని మెయిల్ పెట్టింది" అని మీ జవాబే నాకు చూపించారు. శాంక్షన్ లెటర్ చూపిస్తే, డబ్బు కావాలి గానీ కాగితం ఏం చేసుకుంటామన్నారు. ఈ ఏడాది మిర్చికి ధర లేదు. నాన్న ఊళ్లో ఒకాయన్ని అడిగి వచ్చారు. నూటికి మూడు రూపాయల వడ్డీ అన్నారట. 38,600 మీద నెలకు 1,158. మీ వడ్డీ నూటికి నెలకు రూపాయి కూడా పడదు, అందుకే కదా మీ గడప ఎక్కాం. మీరు ఒక షరతు సరిగా చదవనందుకు మమ్మల్ని తిరిగి ఆయన అరుగు మీదికే పంపుతున్నారు.

నేను కోరుతున్నది దయ కాదు. ఏడాది వాటాకు మించి పట్టిన మార్జిన్ 27,000ను వెంటనే కాలేజీ ఖాతాకు పంపండి. బీమాను రద్దు చేసి 11,600ను, డెబిట్ చేసిన తేదీ నుంచే లెక్కలోకి వచ్చేలా, లోన్ ఖాతాలో తిరిగి జమ చేయండి. ఇప్పటిదాకా దాని మీద వేసిన వడ్డీ తీసేయండి. ఆ 11,600ను కూడా కాలేజీకి విడుదల చేయండి. మీ ఆలస్యం వల్ల పడిన జరిమానా మీరే భరించాలి. విడుదల పూర్తయ్యేలోగా, తక్కువ పంపింది బ్యాంకేనని, మిగతాది ఫలానా తేదీకి వస్తుందని కాలేజీకి ఒక లేఖ రాయండి. నాకు హాల్ టికెట్ ఇప్పించగలిగేది ప్రస్తుతానికి ఆ ఒక్క లేఖే.

దీన్ని ఫిర్యాదుగా నమోదు చేసి నంబరు ఇవ్వండి. నకలు మీ బ్యాంకు నోడల్ అధికారికి కూడా పంపాను. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఇవే కాగితాలతో ఫిర్యాదు పెడతాను.

కాదు, మీ లెక్కే సరైనదంటారా? అయితే 36,000 ఒకేసారి పట్టమని శాంక్షన్ లెటర్‌లో ఏ వాక్యం చెబుతోందో, బీమాకు మా సంతకం ఏ కాగితం మీద ఉందో చూపించండి. జవాబు ఫోన్లో వద్దు, నాన్నను బ్రాంచికి పిలిపించనూ వద్దు. రాసి పంపండి.

ఇట్లు,
మీ రుణ ఖాతాదారు,
బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థిని