భాష్యాధ్యయనంలో కాలవృద్ధిక్రమం

వ్యాసపూర్ణిమనాడు సంకల్పం చెప్పుకొని, నిత్యం రెండు గంటల భాష్యపఠనానికి ఉపక్రమించినవారిలో పలువురు శ్రావణం ముగియకమునుపే గ్రంథాన్ని మూసివేస్తారు. దీనికి శ్రద్ధాలోపం కారణం కాదు. ఆసనకాలాన్ని అవధానశక్తికి మించి నిర్ణయించుకొనడమే కారణమని నా అభిప్రాయం. మనస్సును మెల్లమెల్లగా నిలుపవలెనని గీత ఆరవ అధ్యాయం ఉపదేశిస్తున్నది. ఆ క్రమం అధ్యయనానికీ వర్తిస్తుంది.

అయితే 20 నిమిషాలతోనే ఏల తృప్తి చెందరాదు? బ్రహ్మసూత్రాలలో ఒక్కొక్క అధికరణం విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అనే అంగాలతో సాగుతుంది. పూర్వపక్షం వద్దనే నిత్యం లేచిపోయే సాధకుడు ఆక్షేపాన్నే ఆచార్యుల మతంగా భ్రమించే ప్రమాదం ఉన్నది. ఒక అధికరణాన్ని ఏకాసనంలో ధరించగలగడమే రెండు గంటల లక్ష్యానికి ప్రయోజనం.

శంకరుల అధ్యాసభాష్యాన్ని ఉదాహరణగా గ్రహిద్దాం. మొదటి వారం 20 నిమిషాలు. విషయ విషయులు పరస్పర విరుద్ధస్వభావాలైనప్పుడు ఒకదానిపై మరొకదాని అధ్యాస ఎట్లు పొసగుతుందన్న ఆక్షేపమూ, అయినా లోకవ్యవహారం అధ్యాసతోనే సాగుతున్నదన్న సమాధానమూ చాలు. పిదప గ్రంథం మూసి, ఆ రెంటినీ స్వంత మాటలలో చెప్పుకొనాలి. ఉప్పాడ జామ్‌దానీ చీరను ఎరిగినవారు తిరగవేసి చూస్తారు. మేలైన నేతలో బుటా రెండువైపులా ఒకే తీరున కనిపిస్తుంది. గ్రంథం మూసిన తరువాతి పునఃకథనం అట్టి పరీక్షయే.

వారంలో ఐదు దినాలు ఈ పరీక్ష నెగ్గితే, మరుసటి వారం 5 నిమిషాలు పెంచాలి. ఇట్లు 8 వారాలలో గంట అవుతుంది. అటుపై వారానికి 10 నిమిషాల వంతున 6 వారాలలో రెండు గంటలు పూర్తవుతాయి. గంట దాటిన పిదప మధ్యలో ఒకసారి లేచి, కొద్దిసేపు నడవడం దోషం కాదు. పెరిగిన కాలాన్ని మొదట పూర్వభాగ పునరావృత్తికి వినియోగించి, ఆ పిమ్మటనే, విషయం కాని ప్రత్యగాత్మపై అధ్యాస ఎట్లన్న తదుపరి ఆక్షేపానికి పోవాలి.

పరీక్ష తప్పితే కారణం గుర్తించాలి. గౌడపాదులు మాండూక్యకారికలలో లయాన్నీ విక్షేపాన్నీ వేరుగా చూపి, వేరు వేరు ఉపాయాలు చెప్పారు. ఒకే పంక్తిని మూడుసార్లు చదివినా అర్థం అందకుంటే అది లయం. నిలబడి బిగ్గరగా చదవాలి. చేయి మాటిమాటికీ ఫోనుపైకి పోతే అది విక్షేపం. ఫోనును వేరొక గదిలో ఉంచి, తోచిన పనిని కాగితంపై వ్రాసి, మరల పంక్తికి రావాలి. వరుసగా రెండు దినాలు చివరి భాగం శూన్యంగా గడిస్తే, సంకోచింపక పూర్వపు కాలపరిమితికి దిగాలి. అట్లు దిగడం వ్రతభంగం కాదు. అర్థం లేని ఆసనాన్ని అధ్యయనంగా లెక్కించడమే వ్రతభంగం.