పండుగ సందేశాలకు జవాబు

2025 మార్చి 31, సోమవారం. ఈదుల్ ఫిత్ర్ ఉదయం. ఫజ్ర్ నమాజు ముగించి, స్నానం చేసి, ఖర్జూరాలు తిని ఈద్‌గాహ్‌కు బయలుదేరే వేళకు నా ఫోనులో అరవైకి పైగా సందేశాలు వచ్చి ఉన్నాయి. నెలవంక, మినార్లు, దీపాల తోరణం, కింద బంగారు అక్షరాలతో ఈద్ ముబారక్. ఒకే చిత్రం మిర్యాలగూడలోని మామూజాన్ నుంచి, కోదాడలోని తోడల్లుడి నుంచి, మా వేములపల్లిలోనే ఉన్న ఎరువుల దుకాణదారు నుంచి వచ్చింది.

ఆనాడు నేను చేసిన పొరపాటును ముందుగా చెప్పుకుంటాను. మొదటి సందేశానికి శ్రద్ధగా నాలుగు వాక్యాల జవాబు రాశాను. సలాం, శుభాకాంక్ష, ఒక దుఆ, చివర ‘అమ్మీజాన్‌కు నా సలాం చెప్పండి’ అన్న మాట. అది బాగుందనిపించి, నమాజు వేళ అవుతుందన్న తొందరలో దానినే అందరికీ అతికించి పంపాను. మధ్యాహ్నం ఒక పూర్వ విద్యార్థి నుంచి జవాబు వచ్చింది: ‘హజ్రత్, అమ్మీ మగ్‌ఫిరత్ కోసం దుఆ చేయండి.’ రజబ్ నెలలో ఆమె మరణించింది. ఆమె జనాజా నమాజులో నేనూ నిలబడ్డాను. అతడు పంపింది నలుగురికీ పంపిన బొమ్మే. దానివల్ల ఎవరి మనసూ నొవ్వలేదు. నొప్పించింది నా జవాబు.

సలాంకు జవాబిచ్చే మర్యాదను దివ్య ఖుర్ఆన్ సూరా నిసా 86వ ఆయతు నేర్పుతుంది. మనకు ఎవరైనా అభివాదం చేస్తే అంతకన్నా మెరుగైన రీతిలో బదులివ్వాలి, లేదా కనీసం అంతే తిరిగి చెప్పాలి. మెరుగైన రీతి అంటే ఏమిటో ఒక హదీసు నుంచి గ్రహించవచ్చు. దైవప్రవక్త (స) సభలో ఒకరు ‘అస్సలాము అలైకుమ్’ అన్నప్పుడు పది పుణ్యాలని, మరొకరు ‘వ రహ్మతుల్లాహ్’ చేర్చినప్పుడు ఇరవై అని, ఇంకొకరు ‘వ బరకాతుహు’ కూడా చేర్చినప్పుడు ముప్పై అని ఆయన చెప్పారు. మెరుగుకు పెద్ద ప్రసంగం అక్కరలేదని, ఒక్క మాట చేర్చినా చాలునని దీనిని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సందేశంలో సలాం ఉంటే జవాబు మన బాధ్యత. ఉత్తరంలో వచ్చిన సలాంకు రాతతో గాని నోటితో గాని బదులు చెప్పాలని ఫుఖహా రాశారు. ఫోనుకూ అదే వర్తిస్తుంది. రాసే తీరిక లేనప్పుడు చదివిన వెంటనే పెదవులతో ‘వ అలైకుముస్సలాం’ అనుకుంటే ఆ బాధ్యత తీరుతుంది. కుటుంబ గ్రూపులో అందరినీ ఉద్దేశించి సలాం పెడితే ఒకరు బదులిచ్చినా తక్కినవారి మీద భారం ఉండదు. నలభై మంది నలభైసార్లు అదే మాట రాయనవసరం లేదు. సలాం లేని వట్టి ‘ఈద్ ముబారక్’కు జవాబు విధి కాదు, మర్యాద. సహాబాలు పండుగనాడు కలుసుకున్నప్పుడు ‘తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్‌కుమ్’, అంటే అల్లాహ్ మా నుంచీ మీ నుంచీ స్వీకరించుగాక అని చెప్పుకొనేవారన్న ఉల్లేఖనం ఉంది. జవాబుకు ఈ దుఆ చక్కగా సరిపోతుంది.

ఫోను గురించి కూడా ఒక మాట. చిత్రం పైన ‘ఫార్వర్డెడ్’ అన్న బాణం గుర్తు కనిపించగానే ‘వీడికి నా కోసం ఒక్క మాట రాయడానికి కూడా తీరిక లేదు’ అని నొచ్చుకొనేవారు మన ఇళ్లలో ఉన్నారు. ఆ గుర్తు లేనంత మాత్రాన ఆ మాట మన కోసమే రాసినదనీ కాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు చేర్చి ఒకేసారి పంపవచ్చు. అది మనకు విడి సందేశంలాగే కనిపిస్తుంది. కాబట్టి గుర్తును చూసి మనిషిని కొలవవద్దు. అయితే ఆ జాబితా ద్వారా వచ్చిన సందేశానికి మనం ఇచ్చే జవాబు పంపినవారికి మాత్రమే చేరుతుంది, తక్కినవారికి కనిపించదు. అంటే సామూహికంగా వచ్చిన మాటను ఇద్దరి మధ్య సంభాషణగా మార్చే అవకాశం జవాబిచ్చేవారి చేతిలోనే ఉంది.

మామూజాన్‌కు ఆనాడు నేను పంపవలసినది ఇది: ‘వ అలైకుముస్సలాం వ రహ్మతుల్లాహ్ మామూజాన్. తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్‌కుమ్. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇది తొలి ఈద్ కదా, ఈద్‌గాహ్ దాకా నడవగలిగారా?’ ఇందులో చేర్చినది వరుస పిలుపు ఒకటి, ఆయనకే చెందిన సంగతి ఒకటి. ఈ సంగతిని వేరొకరికి పంపలేము. అతికించిన మాట కాదని ఆయనకు తెలియడానికి అదే గుర్తు. ఆయన పంపిన చిత్రాన్నే తిరిగి పంపడం, పెద్దవారికి బొటనవేలి బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకోవడం, ‘ఇలాంటివి ఫార్వర్డ్ చేయడం ఎందుకు?’ అని పండుగపూట హితబోధ చేయడం, ఈ మూడూ తగవు.

ప్రశ్న వేయడంలో ఒక చిక్కు ఉంది. అడిగితే జవాబు వస్తుంది, దానిని చదివి మళ్లీ పలకరించాలి. అరవై మందిని అడిగి ఎవరి జవాబూ చూడకపోతే అది మౌనం కన్నా చెడ్డది. అందుకే ఇప్పుడు నేను పదిమందిని మించి ప్రశ్న వేయను. ఎరువుల దుకాణదారు వంటి పరిచయస్థులకు పేరు, శుభాకాంక్ష, ఒక దుఆ చాలు: ‘ఈద్ ముబారక్ భాయ్. అల్లాహ్ మీ వ్యాపారంలో బర్కత్ ప్రసాదించుగాక.’ ఆ రోజే పంపాలన్న నియమమూ పెట్టుకోలేదు. మూడో రోజు తీరికగా రాసిన రెండు వాక్యాలను ఎవరూ ఆలస్యమని అనలేదు.

హిందూ సోదరులు దసరాకు, సంక్రాంతికి పంపే చిత్రాల గురించి తల్లులు అడుగుతుంటారు. ఆ చిత్రాన్ని మనం తిరిగి పంపము, మరొకరికి పంపము. పంపిన మనిషికి మాత్రం బదులిస్తాము: ‘గుర్తుపెట్టుకుని పలకరించినందుకు సంతోషం అన్నా. పిల్లలు సెలవులకు ఊరికి వచ్చారా? మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి.’ మన విశ్వాసానికి ఇందులో లోటు లేదు, పొరుగువారి మనసుకూ లోటు లేదు.

షబె బరాత్ నాడు తిరిగే క్షమాపణ సందేశాల సంగతి వేరు. ‘తెలిసో తెలియకో మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించండి’ అన్నది రెండు వందల మందికి వెళుతుంది. ఏ పొరపెచ్చమూ లేనివారి నుంచి వస్తే ‘నా మనసులో ఏమీ లేదు, మీరూ నన్ను మన్నించండి’ అంటే సరిపోతుంది. నిజంగా తగాదా ఉన్నవారి నుంచి వస్తే? దాసుల హక్కులు ఆ హక్కుదారుతో పరిష్కరించుకోవలసినవి. బాకీ ఉన్న బావమరిది పంపిన ఫార్వర్డుకు ‘మన్నించాను’ అని రాస్తే బాకీ వదిలినట్టా, కోపం వదిలినట్టా అన్నది రేపు ఇద్దరికీ తేలదు. ‘భాయ్, మీ సందేశం చదివి మనసు తేలికైంది. ఆ డబ్బు విషయం జుమా తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం’ అని రాయడం మేలు. తలుపు తెరిచినట్టవుతుంది, లెక్క కలగాపులగం కాదు.

ఇక ఇంట్లో మరణం జరిగినవారికి ఫోనులో జవాబు రాయడమే మానుకున్నాను. ఈద్ మరునాడు అస్ర్ తర్వాత ఆ విద్యార్థి ఇంటికి వెళ్లాను. క్షమించమని అడిగితే, ‘హజ్రత్, మీరు కనీసం అమ్మీని తలచుకున్నారు’ అన్నాడు. షీర్ ఖుర్మా గిన్నె చేతికిస్తూ, ఈసారి చెల్లెలు వండిందని, పాలు అమ్మీ మరిగించినంత చిక్కగా కుదరలేదని చెప్పాడు.